మహిళల జిమ్‌కి పేరు: విజయనగరం

“గంటస్తంభం దగ్గర ఆడవాళ్లకు జిమ్ పెడుతున్నాను. ‘ఐరన్ లేడీ’, ‘ఫిట్ క్వీన్’, ‘సన్నజాజి’లలో ఏది పెట్టాలక్కా?”

మూడూ వద్దమ్మా. ‘ఐరన్ లేడీ’ అంటే బరువులెత్తేవాళ్లకే అనుకుంటారు. ‘క్వీన్’ బ్యూటీ పార్లర్ పేరులా ఉంది. ‘సన్నజాజి’ వినడానికి బాగుంటుంది గానీ, అందులోని ‘సన్న’ లావుగా ఉన్నావిడ చెవిలో గుచ్చుకుంటుంది. తగ్గడం, నాజూకు లాంటి మాటలు పేరులోకే రాకూడదు.

పేరుని ఇంట్లో చెప్పే వాక్యంలో పెట్టి చూడు. నలభై దాటిన కోడలు అత్తగారితో “ఫిట్ క్వీన్‌కి వెళ్లొస్తానండీ” అనగలదా? నాకైతే నవ్వొస్తుంది. “వాకిలికి వెళ్లొస్తాను” అని మాత్రం తడబడకుండా అంటుంది.

మొదట నాకు ‘అరుగు’ తట్టింది. కానీ మోకాళ్లు అరిగాయని వచ్చేవాళ్లకి ఆ పేరా! అందుకే ‘వాకిలి’. పొద్దున్నే ముగ్గేసే చోటు, అందరికీ తెలిసిన మాట. అయితే ఒక్క ‘వాకిలి’ అంటే హోటల్ అనుకోవచ్చు, కింద ‘మహిళల వ్యాయామశాల’ అని రాయించు. బోర్డు మీద సన్నని మోడల్ బొమ్మ వేస్తే పేరు పడ్డ శ్రమంతా వృథా.

ఖాయం చేసేముందు, సంగతి చెప్పకుండా నలభై దాటిన ఐదారుగురు ఆడవాళ్లకి పేరు, బోర్డు నమూనా చూపించి “ఇక్కడికి ఎవరొస్తారు?” అని అడుగు. “మాలాంటివాళ్లే” అనాలి. “కాలేజీ పిల్లలు” అంటే మార్చు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో జిమ్ సేవలు వచ్చే 41వ తరగతి కింద ఆ పేరు ఎవరిదైనా ఉందేమో కూడా వెతుకు.