నాన్నకి నువ్వే కటింగ్ చేస్తానన్నావట

ఒరేయ్ చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఫంక్షన్‌కి ముందు నాన్నకి నేనే కటింగ్ చేసేస్తా, ఆయన్ని కారెక్కించి దించి షాపులో గంట కూర్చోబెట్టడం ఎందుకు అన్నావట. వినగానే కడుపు నిండిపోయింది, ఫోన్ పెట్టేశాక మాత్రం గుండె దడ. నీ గెడ్డం తప్ప ఎప్పుడైనా ఇంకో మనిషి తలమీద మిషన్ పెట్టావా నువ్వు? అందుకే ఇంత పొడుగు మెసేజ్, పూర్తిగా చదువు, మధ్యలో బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేయకు.

మామూలు సంగతులు నీకూ తెలుసు. మిషన్ ముందురోజే చార్జింగ్ పెట్టు, బ్లేడుకి రెండు చుక్కల నూనె వెయ్యి, వెలుతురున్న చోట చేతులున్న కుర్చీ వెయ్యి, చక్రాల కుర్చీ మాత్రం వద్దు. తల ఆరాకే మొదలుపెట్టు, తడి జుట్టు సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక చూస్తే పొట్టిగా తేలుతుంది.

ఇక అసలు సంగతి. మీ బావ వాళ్ళ నాన్నకి చేసిన కటింగ్ గురించి నీకెవరూ చెప్పి ఉండరు, మా ఇంట్లో దాని గురించి మాట్లాడుకోం. అప్పుడూ ఇలాగే ఫంక్షనే. పొద్దున్నే బయల్దేరాలి, మీ మామయ్య జుట్టు చెవులమీద పడుతోందని బావ అప్పటికప్పుడు మిషన్ తీశాడు. గార్డు 4 పెట్టాడు, అంటే 13 మిల్లీమీటర్లు జుట్టు మిగులుతుంది, అక్కడిదాకా బుద్ధిగానే ఉన్నాడు. వెనకవైపు సగం అయ్యాక గార్డులో ఇరుక్కున్న వెంట్రుకలు దులపడానికి దాన్ని ఊడదీసి మళ్ళీ తగిలించాడు. సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోలేదు, టక్‌మని చప్పుడు రావాలి కదా, రాలేదు. కుడిచెవి వెనక పెట్టి పైకి లాగేసరికి గార్డు జారి కింద పడింది, ఉత్త బ్లేడు రెండువేళ్ళ వెడల్పున బాట వేసుకుంటూ పోయింది.

అక్కడితో ఆగి ఉంటే ఏమీ కాకపోను. జుట్టు పెరిగేదే నెలకి సెంటీమీటరు, ఇంకాస్త పైన. ఆ మచ్చ చుట్టూ ఉన్న జుట్టుతో కలవాలంటే ఎలా లేదన్నా నెల పడుతుంది, ఆ పూటకి ఎవరేం చేసినా అయ్యేది కాదు. వాడేమో దాన్ని కలపాలని పక్కనున్నదంతా 2కి దించాడు, ఇటు తగ్గిందని అటు దించాడు, చివరికి నడినెత్తి పొడుగ్గా కనబడుతోందని అక్కడా మిషనే పెట్టేశాడు. తెల్లజుట్టు, పైగా పలచన, పొట్టిగా కోస్తే చర్మం కనిపించేస్తుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నా, ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు, కొడుకు చేతులు వణుకుతున్నాయని ఆయనకి తెలుస్తోంది.

ఆ కంగార్లోనే చెవి పైఅంచు తెగింది. చూస్తే చిన్న గాటు, నీ గెడ్డం దగ్గరైతే నిమిషంలో ఆగేది. ఆయన రక్తం పలచబడే టాబ్లెట్ వేసుకునేవాడు, ఆ సంగతి మాకందరికీ తెలుసు, ఆ క్షణాన ఒక్కరికీ గుర్తులేదు. గుడ్డ పెట్టడం, తీసి చూడటం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ చూడటం, చూసినప్పుడల్లా గడ్డకట్టిందంతా గుడ్డతో ఊడొచ్చేది. బయల్దేరే టైం దాటిపోయినా కారుతూనే ఉంది. ఆ ఫంక్షన్ ఫోటోలన్నిట్లో ఆయన ఎడమచెంపే కనిపించేలా తిరిగి ఉంటారు, ఎందుకో ఇప్పుడు తెలిసిందా.

మీ నాన్నకి కూడా గుండె టాబ్లెట్లు ఉన్నాయి కదా, రక్తం పలచబడేది ఉందేమో అమ్మనడిగి ఇప్పుడే కనుక్కో. కటింగ్ కోసమని టాబ్లెట్ మాత్రం మాన్పించకు, ఆ పని చేశావని తెలిస్తే నేనే వచ్చి నిన్ను తంతా. ఖర్మకాలి తెగితే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి గడియారం చూసుకుంటూ పది నిమిషాలు వదలకు, ఎత్తి తొంగి చూడకు. ఆగకపోతే ఇంకో పది. అప్పటికీ కారుతుంటే డాక్టర్ దగ్గరికే. పసుపూ పౌడరూ అద్దకు.

అసలు తెగకుండా ఉండాలంటే ముందు మిషన్ పక్కనపెట్టి ఉత్త వేళ్ళతో తలంతా తడుము. పులిపిర్లు, పైకి లేచిన మచ్చలు ఎక్కడున్నాయో చేతికి తెలుస్తాయి, జుట్టు కింద కంటికి కనపడవు. చెవి దగ్గర నీ రెండో చేత్తో చెవిని ముందుకి మడిచి పట్టుకో, అప్పుడే వెనక పెట్టు. ఉత్త బ్లేడు మెడ కింద గీతకి మాత్రమే, అదీ ఆ వయసులో చర్మం వదులు కాబట్టి వేళ్ళతో సాగదీసి, నొక్కకుండా. నడుస్తున్నకొద్దీ బ్లేడు వేడెక్కుతుంది, ఆయన ఓర్చుకుంటాడే గాని చెప్పడు, మధ్యమధ్యలో నీ మణికట్టుకి ఆనించి చూడు, చురుక్కుమంటే ఆపేసి చల్లారనివ్వు.

పక్కలకీ వెనకకీ 4తో మొదలుపెట్టు, తగ్గించాలనిపిస్తే తర్వాత 3, అదీ కింది భాగమే. మెడ దగ్గర్నుంచి పైకి వస్తూ తల గుండ్రంగా తిరిగే చోట మిషన్‌ని తలతోపాటు లోపలికి తిప్పకుండా బయటికి తీసెయ్యి, అప్పుడే మెట్టు పడదు. నడినెత్తిన మిషన్ వద్దు, దువ్వెనతో ఎత్తి కత్తెరతో కొసలు మాత్రమే. ఇంకో సంగతి మీ అమ్మకి కూడా తెలియదు, మీ నాన్నకి రెండు సుడులు, రెండోది కుడిపక్కన వెనగ్గా ఉంటుంది. చిన్నప్పుడు స్కూలుకి వాడికి తల దువ్వింది నేనే, నీళ్ళు రాసి ఎంత అణిచినా గుమ్మం దాటేలోపు లేచి నిలబడేది. అక్కడ పొట్టిగా కోశావంటే పొడుచుకొస్తుంది, బొటనవేలి వెడల్పు వదిలెయ్యి, దాని బరువుకి అదే పడుకుంటుంది.

చెవి మిషన్ తీసేముందే చెప్పాల్సినవన్నీ చెప్పు. తీశాక వాడికేం వినపడదు, కళ్ళజోడు కూడా ఉండదు, వెనక నుంచి గుర్‌మని తగిలితే ఉలిక్కిపడి తల తిప్పేస్తాడు. ప్రతిసారీ భుజమ్మీద చెయ్యి వేశాకే మొదలుపెట్టు. ఎలా చెయ్యమంటావని అడిగావో, నీ ఇష్టం రా అంటాడు, అది వాడి ఇష్టం కాదు. పాత ఫోటో ఒకటి చేతికిచ్చి ఇలాగేనా అని అడుగు, అప్పుడు నోరు విప్పుతాడు. తల ఎక్కువసేపు వంచి ఉంచకు, అయిపోయాక చటుక్కున లేపకు, బీపీ టాబ్లెట్ల మీదున్న మనిషి, కాసేపు కూర్చుని నీ చెయ్యి పట్టుకుని లేవాలి.

ఫంక్షన్ పొద్దున మాత్రం ఒద్దురా, నీకు దణ్ణం పెడతా. నాలుగైదు రోజుల ముందు చెయ్యి, తేడా వస్తే షాపులో సరిచేయించుకునే టైం ఉంటుంది.

కనుబొమ్మలు కూడా గుబురుగా పెరిగాయని అమ్మ అంటోంది. అవి నువ్వు ముట్టుకోకు, నేను రెండ్రోజుల ముందే వస్తున్నాగా, నేను చూసుకుంటా. మంచి కత్తెర ఉందా ఇంట్లో, కాగితాలు కోసేది కాదు, లేకపోతే చెప్పు, నాది తెస్తా.

అత్త