రాజీనామా ఏ భాషలో అని కాదు, ఏ తేదీతో అన్నది చూసుకోండి

ప్రశ్న: మాది ఒంగోలు. చీమకుర్తిలోని ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో 2019 జూన్ 3 నుంచి అకౌంట్స్ చూస్తున్నాను. ఇన్నేళ్లు నమ్మకంగా పనిచేస్తే మొన్న మేనేజరు కూలీల ముందు నానా మాటలూ అన్నాడు. ఆ కోపంలో 'ఇలాగైతే నేను మానుకుంటాను' అని వాట్సాప్ పెట్టాను. రాజీనామా ఇంగ్లీషులో ఉంటేనే చెల్లుతుందట. ఆఫీసువాళ్లే టైపు చేయించి ఇస్తారట, నేను సంతకం పెడితే చాలు, తేదీ తర్వాత వేసుకుంటామంటున్నారు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 18,200. నోటీసు ఒక నెల. పంచాయతీ కార్యదర్శిగా ఉన్న మా తమ్ముడికి వేరే ప్రభుత్వ శాఖలో ఉద్యోగం వచ్చింది, వాడూ రాజీనామా ఇవ్వాలి. వాడి ఆఫీసులో తెలుగు చెల్లుతుందా?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

రాజీనామా ఫలానా భాషలోనే ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. మీ నియామక పత్రం ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన మీ జవాబూ ఇంగ్లీషులోనే ఉండాలని లేదు. తేదీ లేని కాగితం మాత్రం మిమ్మల్ని ముంచుతుంది. ఎలాగో లెక్కలోనే చూడండి. గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు ఉండాలి, మీకు ఉంది. చివరి నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఒక ఏడాదికి రావలసినది తేలుతుంది. 18,200కి అది 10,500 రూపాయలు. అయిదేళ్లు దాటాక ఆరు నెలలకు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. మీరు 2026 ఫిబ్రవరి 28న దిగిపోతే సర్వీసు ఆరేళ్ల ఎనిమిది నెలలు దాటుతుంది కాబట్టి ఏడేళ్లకు 73,500 రావాలి. అదే కాగితం మీద వాళ్లు 2025 నవంబరు 30 అని వేసుకుంటే ఆరేళ్లే, అంటే 63,000. పైగా నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోయావని ఒక నెల జీతం కోసుకునే వీలూ దొరుకుతుంది. ఆ తర్వాత కూడా పనిచేశానని మీరు హాజరు పట్టీతో, బ్యాంకు పాసుపుస్తకంతో నిరూపించుకోవచ్చు. కానీ మీ సంతకంతో ఉన్న కాగితాన్ని మీరే కాదనాల్సి వస్తుంది.

టైపు చేసిన అలాంటి కాగితాల్లో చివర 'నాకు రావలసినదంతా ముట్టింది, ఇక ఏ బాకీ లేదు' అని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉండటం మామూలే. చదవలేదు, అర్థం కాలేదు అని తర్వాత చెబితే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. సంతకం పెట్టినవాడు చదివే పెట్టాడని ముందుగా అనుకుంటుంది. పైగా మీరు లెక్కలు రాసే మనిషి!

ఇక ఆ వాట్సాప్. మేనేజరు ఎన్ని మాటలన్నా ఇలాంటి విషయం ఫోనులో కొట్టకూడదు. అయినా అది రాజీనామా కాదు. డాక్టర్ ప్రభా అత్రి కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. తన వివరణ ఒప్పుకోకపోతే రాజీనామా తప్ప దారి లేదని ఆమె రాస్తే, యాజమాన్యం దాన్ని రాజీనామాగా ఆమోదించింది. షరతు పెట్టి ఆవేదనతో రాసిన ఉత్తరం రాజీనామా కాదని కోర్టు చెప్పింది. కాబట్టి మీ మెసేజ్‌ను చెరిపేయకండి, ఫోనూ మార్చకండి. ఫోనులోని రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫోను మీ దగ్గరుంటే పని తేలిక. మరో మాట. రేపటి నుంచి పనికి వెళ్లడం మానేస్తే మీ అంతట మీరే వదిలేశారంటారు. రోజూ వెళ్లి హాజరు పట్టీలో సంతకం పెట్టండి.

ఉత్తరం తెలుగులో, మీ చేత్తో రాయండి. రేపు కోర్టులో ఎవరైనా ఎదురు ప్రశ్నలు వేస్తే ప్రతి మాటకూ మీరే జవాబు చెప్పుకోగల భాష అది. ఒంగోలు కార్మిక శాఖ కార్యాలయంలోగానీ జిల్లా కోర్టులోగానీ తెలుగు కాగితానికి అడ్డు లేదు. హైకోర్టుకు వెళితే అనువాదం పెట్టాలి, అది అప్పటి సంగతి. మీ సంస్థ హెడ్డాఫీసు వేరే రాష్ట్రంలో ఉంటే మాత్రం ఇంగ్లీషు ప్రతి ఒకటి జత చేయండి. 'ఇది తెలుగు ఉత్తరానికి అనువాదం మాత్రమే' అని దాని పైన రాయండి. రెండింటిలో తేదీలు ఒక్కటే ఉన్నాయో లేదో మరొకరి చేత చూపించుకోండి.

రాయవలసినది ఇంతే: 'నేను 03-06-2019 నుంచి మీ సంస్థలో అకౌంట్స్ గుమాస్తాగా పనిచేస్తున్నాను. నియామక పత్రంలోని ఒక నెల నోటీసు షరతు ప్రకారం ఈ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా చివరి పనిదినం 28-02-2026. ఆ రోజుకు రావలసిన జీతం, సెలవుల సొమ్ము, గ్రాట్యుటీ చెల్లించి, అనుభవ పత్రం ఇప్పించగలరు.' కింద 28-01-2026 తేదీ, పూర్తి సంతకం. 'చేయాలనుకుంటున్నాను' అని రాయకండి. మేనేజరు అన్న మాటలు ఇందులోకి తేకండి, ఫిర్యాదు చేయాలనుకుంటే వేరే కాగితం.

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీతో సంతకం చేయించుకోండి. వాళ్లు కాదంటే వాదన పెట్టుకోకుండా అదే రోజు పోస్టాఫీసుకు వెళ్లండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కావాలని అడగండి. రసీదును ఉత్తరం జిరాక్సుకు పిన్ను కొట్టి దాచండి. దిగిపోయాక 30 రోజుల్లోపు గ్రాట్యుటీ దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆలస్యమైతే హక్కు పోదు గానీ కారణం చెప్పుకోవాలి. జీతం బకాయికి దావా వేయాలంటే, ఆ జీతం రావలసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. 'ఇస్తాంలే' అన్న నోటిమాటతో ఆ గడువు పెరగదు.

మీ తమ్ముడి విషయం వేరు. 1966 నాటి అధికార భాషా చట్టం ప్రకారం రాష్ట్రానికి అధికార భాష తెలుగే, కాబట్టి అతని ఆఫీసు తెలుగు ఉత్తరాన్ని తోసిపుచ్చలేదు. అక్కడ ప్రమాదం కారణం రాసే చోట ఉంది. మీరు కారణం రాయకపోయినా ఫరవాలేదు గానీ, అతను 'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు మొత్తం ఎగిరిపోతుంది. 1980 నాటి రాష్ట్ర పింఛను నిబంధనల్లో మామూలు రాజీనామాకు ఫలితం అదే. సరైన అనుమతితో మరో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి ఇచ్చే రాజీనామాకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి కొత్త పోస్టు పేరు, నియామక ఉత్తర్వు నంబరు, తేదీ, ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేయడానికి తీసుకున్న అనుమతి నంబరు ఉత్తరంలో ఉండాలి. అనుమతి తీసుకోకుండా పరీక్ష రాసి ఉంటే, రాజీనామా ఇవ్వకముందే ఆ సంగతి పై అధికారితో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఇచ్చేశాక కాదు.

ఉత్తరం పై అధికారి ద్వారా వెళ్లాలి. టపాలులో ఇచ్చి ఇన్‌వర్డు నంబరు వేయించుకోవాలి. నియమించిన అధికారి ఆమోదించేదాకా అతను ఉద్యోగే, పనికి వెళ్లాల్సిందే. ఆమోదం అయితే వెనక్కి తీసుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. రిలీవింగ్ ఉత్తర్వులో 'కొత్త ఉద్యోగంలో చేరే నిమిత్తం' అన్న మాట పడిందో లేదో చూసుకుని, అదే మాట సర్వీసు రిజిస్టరులోనూ ఎక్కించుకున్నాకే చార్జి అప్పగించమనండి.