జీతం స్కేలు కంటే ముందు పీఎఫ్ పాస్‌బుక్ చూడండి

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో గణితం టీచరుని. 2017 జూన్‌లో 14,000 కన్సాలిడేటెడ్ జీతానికి చేరాను, ఇప్పుడు 24,000 ఇస్తున్నారు. ఎన్ని బ్యాచ్‌లకు పదికి పది పాయింట్లు తెప్పించినా, నాకంటే తక్కువ అనుభవం ఉన్న ప్రభుత్వ టీచరు జీతంలో సగం కూడా నాకు రావడం లేదు. పైగా పీఎఫ్ పేరిట 3,600, వృత్తి పన్ను 200 కోసి 20,200 చేతికిస్తున్నారు. స్కేలు కోసం హైకోర్టుకు వెళ్లవచ్చా? లేకపోతే రాజీనామా చేసినట్టు చూపి పీఎఫ్ అంతా తీసుకోమని తోటి టీచర్లు చెబుతున్నారు, అలా చేయవచ్చా?

జవాబు: స్కేలు విషయం ముందుగా, క్లుప్తంగా ముగిస్తాను. మీ నియామక పత్రంలో స్కేలు అన్న మాట లేదు. ప్రభుత్వ గ్రాంటు లేని పాఠశాలను ప్రభుత్వ స్కేలు ఇమ్మని అడగాలంటే, ఆ హక్కు ఏ నిబంధన వల్ల వచ్చిందో మీరే చూపించాలి. పక్క ఊరి ప్రభుత్వ టీచరుతో పోలిక చాలదు, ఎందుకంటే మీ ఇద్దరి యజమాని ఒకరు కాదు. ప్రైవేటు యాజమాన్యానికీ ఉద్యోగికీ మధ్య ఉన్న కేవల ఒప్పంద వివాదంలో హైకోర్టులో రిట్ పిటిషన్ నడవదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు ‘వర్క్‌మన్’, అంటే కార్మికుడు, కాదని 1988లోనే తేల్చినందున లేబర్ కోర్టు దారీ లేదు. పాఠశాల సీబీఎస్ఈ అనుబంధంలో ఉంటే ఆ నియమావళిలోని జీతాల నిబంధన మీద వేరే వాదన చేయవచ్చు గానీ, మీరు ఆ సంగతి రాయలేదు. పదికి పది పాయింట్లు ఎన్ని తెప్పించారన్నది ఈ వివాదంలో ఏ కోర్టుకూ సాక్ష్యం కాదు.

మీ కేసు ఆ 3,600 మీద ఉంది. పీఎఫ్ కోత ఉద్యోగి జీతంలో 12 శాతం, చట్టపరమైన జీత పరిమితి నెలకు 15,000. అంటే యాజమాన్యం ఆ పరిమితి వరకే కడుతున్నప్పుడు మీ జీతం 24,000 అయినా మీ వాటా 1,800 మాత్రమే. యాజమాన్యం వాటా మరో 1,800 వాళ్ల సొంత డబ్బులోంచి రావాలి. దాన్ని ఉద్యోగి జీతంలోంచి కోయడానికి వీల్లేదని పీఎఫ్ స్కీము స్పష్టంగా చెబుతోంది. మీ స్లిప్పులో రెండు వాటాలూ మీ దగ్గరే కోశారు. వృత్తి పన్ను 200 సరైనదే. మీ జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ కోత లేకపోవడం కూడా తప్పు కాదు.

మీరు జత చేసిన పాస్‌బుక్ కాపీ చూస్తే సంగతి ఇంకా ముదిరింది. అందులో మీ జీతం 8,000గా చూపి, మీ వాటా 960, యాజమాన్యం వాటా 960 (పెన్షన్ నిధికి 666, పీఎఫ్‌కు 294) జమ చేశారు. నెలకు 3,600 కోసి 1,920 కట్టారు; మిగిలిన 1,680 ఎక్కడికి పోయిందో వాళ్లే చెప్పాలి. మీరు చేరింది 2017 జూన్ అయితే, పాస్‌బుక్‌లో మీ సభ్యత్వం 2021 జూన్ నుంచి మొదలైంది. నాలుగేళ్లు కనిపించకుండా పోయాయన్న మాట. ఉమాంగ్ యాప్‌లో రెండు నిమిషాల్లో కనిపించే ఈ సంగతిని ఇన్నేళ్లూ మీరు ఒక్కసారీ చూడకపోవడం మాత్రం అజాగ్రత్తే. పిల్లల లెక్కల్లో ఒక మార్కు తేడా వస్తే ఊరుకోని మీరు, సొంత జీతం లెక్క పట్టించుకోలేదు.

జీతాన్ని 8,000గా ఎలా చూపారని అడిగితే, బేసిక్ 8,000, మిగిలినది అలవెన్సులు అంటారు. మీరు ఇంతకాలం తిట్టుకున్న ‘కన్సాలిడేటెడ్’ అన్న మాట ఇక్కడే మీకు పనికొస్తుంది. నియామక పత్రంలో జీతాన్ని విడగొట్టలేదు, ఇంటద్దె భత్యమనో ఇంకొకటనో రాయలేదు. అలా మొత్తంగా ఇచ్చినదంతా పీఎఫ్ లెక్కకు జీతమే. తర్వాత తమ రిజిస్టరులో బేసిక్, స్పెషల్ అలవెన్సు అని రాసుకున్నా, అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సును బేసిక్‌లో కలిపే చూడాలని సుప్రీంకోర్టు 2019లో వివేకానంద విద్యామందిర్ కేసులో చెప్పింది. 14,000తో చేరారు కాబట్టి మీరు మొదటి నెల నుంచే సభ్యురాలు కావాల్సింది. 15,000 దాటాక ఆ సభ్యత్వం రద్దు కాదు. మొదటిసారే 15,000 మించిన జీతంతో చేరి, అంతకుముందు ఎక్కడా సభ్యులు కాని వారికి ఈ వాదన నడవదు. వారు ఈ జవాబును తమకు వర్తింపజేసుకోవద్దు.

రాజీనామా చేసినట్టు చూపి డబ్బు తీసుకోవడం అసలు చేయకండి. పని చేస్తూనే పని మానేశానని రాసిచ్చినట్టవుతుంది, మీ సంతకంతో మీరే అబద్ధపు ప్రకటన ఇచ్చినట్టవుతుంది. పెన్షన్ సొమ్ము కూడా తీసేస్తే ఆ సర్వీసు చెరిగిపోతుంది. నెలవారీ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. 2017 నుంచి సభ్యత్వం సాధిస్తే మీరు దాదాపు ఆ గీత దగ్గరికి వస్తారు. గ్రాట్యుటీకి అవసరమైన అవిచ్ఛిన్న సేవ కూడా అదే కాగితంతో తెగిపోయిందని రేపు వాదిస్తారు. టీచర్లకు ఆ హక్కు 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లో ఖరారు చేసింది కాబట్టి అది చిన్న సొమ్ము కాదు.

ఇక సాక్ష్యం. నియామక పత్రం, ఇంక్రిమెంట్ లేఖలు, స్లిప్పులు, 2017 నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు ముందు సిద్ధం చేయండి. ఆ తొలి నాలుగేళ్లు జీతం నగదుగా ఇచ్చి ఉంటే బ్యాంకులో ఏమీ దొరకదు కనుక, మీరు అక్కడ పని చేశారని చూపే ఇతర కాగితాలు వెతకండి. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు మీ పాఠశాల పేరుతో డీఈఓ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తర్వు, పాఠశాల యూడైస్‌లో నమోదు చేసిన మీ వివరాలు, సంతకాలున్న టైంటేబుల్, ప్రిన్సిపాల్ ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్లలో ఏవైనా రెండు దొరికినా బలమైన ఆధారమే. జీతం ముట్టినట్టు మీరు సంతకం చేసిన అక్విటెన్స్ రోల్ వాళ్ల దగ్గర ఉంటుంది, దాన్ని తెప్పించే అధికారం పీఎఫ్ అధికారికి ఉంది.

ఈ కాగితాలతో epfigms.gov.in లో ఫిర్యాదు నమోదు చేసి, ప్రాంతీయ పీఎఫ్ కమిషనర్‌కు విడిగా రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపండి. చేరిన తేదీ నుంచి, పూర్తి కన్సాలిడేటెడ్ జీతం మీద 15,000 పరిమితి వరకు, బకాయి తేల్చే విచారణ (అందరూ 7ఏ విచారణ అనేది) జరపమని అడగండి. ‘పాత నాలుగేళ్ల మీ వాటా మీరు కట్టండి’ అని యాజమాన్యం బెదిరిస్తే లొంగకండి: ఆయా నెలల జీతంలో కోయని ఉద్యోగి వాటాను తర్వాతి జీతంలో కోసే హక్కు వారికి సాధారణంగా ఉండదు.

ఈ విచారణకు కాలపరిమితి లేదన్న పాత ధైర్యాన్ని నమ్ముకోవద్దు. 2020 సామాజిక భద్రతా కోడ్ ఐదేళ్ల పరిమితి పెట్టింది, మీ 2017-21 బకాయి మీద వాళ్లు మొదట ఎత్తే అభ్యంతరం అదే. కాబట్టి ఈ నెలలోనే కదలండి.

అదనంగా కోసిన నెలకు 1,800 మీ జీతం బకాయి. దానికి సివిల్ దావా వేయాలంటే గడువు మూడేళ్లు, ఏ నెలకు ఆ నెలదే లెక్క. ప్రతి నెలా ఒక పాత నెల చేజారుతుంది. నోటీసు ఇస్తే గడువు ఆగదు. గడువు లోపల యాజమాన్యం బకాయి ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే కొత్త గడువు మొదలవుతుంది. అందుకే కరెస్పాండెంటును నోటితో అడగకండి, ఉత్తరంతో అడిగి జవాబు ఉత్తరంలోనే తీసుకోండి.