45 శాతం బోనస్ ఉంటే కారు ప్రీమియం సగం తగ్గాలి కదా?

"మాది 1197 సీసీ పెట్రోల్ కారు. కొన్న నాలుగేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. రెన్యూవల్‌కి ఏజెంట్ రూ. 15,241 అంటున్నాడు. 45 శాతం బోనస్ వస్తుందని విన్నాను, కానీ బిల్లు చూస్తే అంత తగ్గినట్టు లేదు. కొటేషన్ పంపిస్తున్నా, సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పండి."

మీ అనుమానం నిజమేనండీ, ఈ కొటేషన్‌లో తప్పుంది. కాకపోతే అది మీరు అనుకుంటున్న చోట లేదు.

నో క్లెయిమ్ బోనస్ మొత్తం బిల్లు మీద ఇవ్వరు. మీ బండికి జరిగే నష్టం కోసం కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే ఇస్తారు, కొటేషన్‌లో దాన్ని ఓడీ అని రాస్తారు. మీది రూ. 9,000 ఉంది, కంపెనీ తన డిస్కౌంట్ తీసేశాక మిగిలినది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం ప్రభుత్వం నిర్ణయించిన రేటు, 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకు 2022 జూన్ నుంచి రూ. 3,416, మీరు ఎంత జాగ్రత్తగా నడిపినా అందులో పైసా తగ్గదు. క్లెయిమ్‌లో విడిభాగాల అరుగుదల కోత లేకుండా ఇచ్చే జీరో డెప్‌కి 2,600, ఇంజిన్ ప్రొటెక్ట్‌కి 700 వేశారు, మీ కొటేషన్‌లో ఈ యాడ్-ఆన్‌లు బోనస్ తీసేసిన తర్వాత కలిశాయి కాబట్టి వాటికీ బోనస్ లేదు, చాలా కంపెనీలు ఇలాగే చేస్తాయి. యజమాని ప్రమాద బీమాకి ఇంకో 350.

ఇప్పుడు బోనస్ లైన్ చూడండి, అక్కడ 3,150 అని ఉంది. 9,000లో అది 35 శాతం. మీకు రావాల్సింది 45. క్లెయిమ్ లేని మొదటి ఏడాది పూర్తయితే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లు దాటితే 50, అక్కడితో ఆగుతుంది. మీ పాత పాలసీ కాగితం మీద 35 అని ఉంటుంది, ఎందుకంటే అది మూడేళ్లు పూర్తయ్యాక తీసుకున్న పాలసీ. ఏజెంట్ ఆ అంకెనే చూసి ఎక్కించినట్టున్నాడు. చాలామంది దగ్గర జరిగేది సరిగ్గా ఇదే, పాత కాగితంలో ఉన్నది పోయిన ఏడాది వాడేసిన బోనస్, ఈసారి దాని పై మెట్టు రావాలి.

సరిచేసి లెక్కేద్దాం. 9,000లో 45 శాతం అంటే 4,050 పోతే ఓడీ 4,950. దానికి యాడ్-ఆన్‌లు 3,300, థర్డ్ పార్టీ 3,416, ప్రమాద బీమా 350 కలిపితే 12,016. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,163. మొత్తం రూ. 14,179. అంటే ఏజెంట్ చెప్పినదానికంటే 1,062 తక్కువ. పది శాతం తేడా 900 రూపాయలే కదా, మిగతా 162 ఎక్కడిదంటే ఆ 900 మీద పడిన జీఎస్టీ. (2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారని మీరు వినే ఉంటారు, అది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే, కారుకి 18 శాతం అలాగే ఉంది.)

అసలు బోనస్ లేకపోతే ఈ బిల్లు 18,958 అయ్యేది. అంటే 45 శాతం బోనస్ చివరికి మీ చేతిలో 25 శాతంగా తేలింది. బిల్లు సగం తగ్గలేదని మీకు అనిపించడానికి కారణం ఇదే, ఇందులో మోసమేమీ లేదు.

ఏజెంట్‌కి ఫోన్ చేసే ముందు ఇంకో రెండు విషయాలు. మీ పేరు మీద ఇంకో కారో బైకో ఉండి, దాని పాలసీలో 15 లక్షల యజమాని ప్రమాద బీమా ఇప్పటికే ఉంటే ఈ 350 మళ్లీ కట్టక్కర్లేదు, జీఎస్టీతో కలిపి 413 మిగులుతుంది. రెండోది, బోనస్ సరిచేయమంటే కొందరు ఐడీవీ, అంటే బండికి కట్టిన విలువ, తగ్గించి తక్కువ మొత్తం చూపిస్తారు, బండి పోయిననాడు మీకొచ్చేది ఆ విలువే. అందుకే కొత్త కొటేషన్ వచ్చాక ఐడీవీ పాతదే ఉందా, ఓడీ 9,000 అలాగే ఉందా అన్నది ముందు చూసి, తర్వాతే మొత్తం చూడండి.

కంపెనీ మారుతున్నా బోనస్ మీతోనే వస్తుంది. క్లెయిమ్ లేదని మీరు రాసిచ్చింది పాత కంపెనీ దగ్గర సరిచూసుకుంటారు, మీ ఇంట్లో ఇంకెవరైనా ఈ కారు మీద చిన్న బంపర్ క్లెయిమ్ చేసి ఉన్నా అది బయటపడుతుంది, అప్పుడు రేపు మీ క్లెయిమే ఆపేస్తారు, కాబట్టి ఒకసారి అడిగి తెలుసుకోండి. ఈ బేరాల్లో పాలసీ గడువు మాత్రం దాటనివ్వకండి. గడువు దాటి 90 రోజులైతే 45 శాతం మొత్తం పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, ఆ 90 రోజుల్లో బండికి ఏమైనా జరిగితే రూపాయి కూడా రాదు.