టెక్ సందేహాలు: ఆర్చి రేడియస్ కనుక్కోవడం ఎలా?

సార్, మాది కావలి. పాత ఇంటి వీధి తలుపు పైన ఆర్చీకి గ్రిల్ చేయించాలి. వెల్డింగ్ షాపాయన రేడియస్ చెప్పమంటున్నాడు. వెడల్పు టేపుతో 120 సెంటీమీటర్లు వచ్చింది, ఎత్తు మాత్రం ఫోన్ యాప్‌లో ఒకసారి 14, ఇంకోసారి 16 చూపిస్తోంది. సరిగ్గా చెప్పే యాప్ ఏదైనా ఉందా?

ఈ పనికి యాప్ వెతకొద్దండీ, టేపే వాడండి. కెమెరాతో కొలిచే యాప్‌లలో సెంటీమీటరు అటూ ఇటూ రావడం మామూలే. అలమరా పడుతుందా లేదా చూసుకోవడానికి అది చాలు గానీ, ఆర్చి ఎత్తుకు చాలదు. మీ అంకెలతోనే లెక్కేస్తే, ఎత్తు 14 అయితే రేడియస్ 135 సెంటీమీటర్లు దాటుతుంది, 16 అయితే 120న్నరకు పడిపోతుంది. ఎత్తులో 2 సెంటీమీటర్ల తేడాకి రేడియస్‌లో 15 సెంటీమీటర్లు మారిపోయాయి. అదే వెడల్పులో సెంటీమీటరు తప్పినా రేడియస్ మారేది 2 సెంటీమీటర్లే, అందుకే జాగ్రత్తంతా ఎత్తు మీద పెట్టాలి.

ఎత్తు కొలవడానికి తాడు కట్టొద్దు, మధ్యలో జారుతుంది. వంపు మొదలయ్యే రెండు చోట్లకీ ఆనేలా తిన్నగా ఉన్న అల్యూమినియం ట్యూబ్ పెట్టి ఇద్దరు పట్టుకోండి, దాని మీద సరిగ్గా మధ్యన గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గర ట్యూబ్ పై అంచు నుంచి ఆర్చి లోపలి అంచు దాకా మిల్లీమీటర్లలో కొలవండి. పాత ఇల్లు కాబట్టి సున్నపు పూత ఒకచోట మందంగా, ఒకచోట ఊడిపోయి ఉండొచ్చు, అలాంటి చోట ట్యూబ్ ఆనించకండి. రసమట్టం పెట్టి చూస్తే రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కూడా తెలిసిపోతుంది.

ఎత్తు 150 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. వృత్తంలో రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటే, ఒక గీత రెండు ముక్కల లబ్ధం, రెండో గీత రెండు ముక్కల లబ్ధం సమానం. మీ తలుపు వెడల్పు ఒక గీత, సగానికి 600. రెండో గీత ఆర్చి మధ్యలో అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి నిలువుగా కిందికి దిగే వ్యాసం, దాని పై ముక్క 150. 600ని 600తో గుణించి 150తో భాగిస్తే 2400, అది కింది ముక్క. దానికి పైన ఉన్న 150 కలిపితే మొత్తం వ్యాసం 2550, సగం 1275. అదే మీ రేడియస్. కిటికీలకూ చేయించేటట్టయితే గూగుల్ షీట్స్‌లో A2లో వెడల్పు, B2లో ఎత్తు వేసి, C2లో ఇది టైప్ చేయండి:

```
=A2^2/(8*B2)+B2/2
```

రెండూ మిల్లీమీటర్లలోనే ఉండాలి. ఒకటి అంగుళాల్లో, ఒకటి మిల్లీమీటర్లలో వేసినా షీట్ ఎర్రర్ చూపించదు, తప్పు అంకె ఇచ్చి ఊరుకుంటుంది.

ఇంకొక్క పరీక్ష చేయనిదే షాపుకు వెళ్లొద్దు, ఎందుకంటే ఈ లెక్క ఆర్చి నిజంగా వృత్తంలో ముక్క అయితేనే పనికొస్తుంది. ట్యూబ్ మీద మధ్య గుర్తు నుంచి అటు 300, ఇటు 300 దగ్గర కూడా ఎత్తు కొలవండి. 1275 రేడియస్ వంపు అయితే రెండు చోట్లా 114 రావాలి. రెండు వైపులా 125 లాగా ఎక్కువ వస్తే, భుజాల దగ్గర ఉబ్బి పైన చదునుగా ఉండే వంపు అన్నమాట, దానికి ఒకే రేడియస్ చెప్పి గ్రిల్ చేయిస్తే గోడకు కూర్చోదు. అప్పుడు అట్ట మీద వంపు గీసి, కత్తిరించి, ఆర్చికి ఆనించి సరిచూసుకుని ఆ అట్టే షాపులో ఇవ్వండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వస్తే ట్యూబ్ వంకరగా పట్టుకుని ఉంటారు, లేదా ఆర్చే ఒరిగి ఉంటుంది, ముందు మళ్లీ కొలవండి.

షాపాయనకు అంకె చెప్పేటప్పుడు అది గోడ అంచు రేడియస్ అని స్పష్టంగా చెప్పాలి. 5 మిల్లీమీటర్ల సందు కావాలంటే గ్రిల్ బయటి అంచు రేడియస్ 1270, 20 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ వాడితే దాని లోపలి అంచు 1250. ఏ అంచుకు రేడియస్ అడుగుతున్నాడో తెలుసుకోకుండా ఉత్తి అంకె చెబితే ఆ 20 మిల్లీమీటర్లు తప్పుతాయి.

విరిగిన పళ్లెం ముక్క నుంచి పూర్తి సైజు కనుక్కోవడానికీ ఇదే లెక్క. కానీ ముక్క చిన్నదైతే నమ్మకం పెట్టుకోవద్దు. ముక్క కొసల మధ్య 80 మిల్లీమీటర్లు, వంపు ఎత్తు 5 అయితే రేడియస్ 162న్నర, అదే ఎత్తు 4 అని కొలిస్తే 202. అంచు ఎక్కువగా మిగిలిన పెద్ద ముక్క దొరికితే దాన్నే కొలవండి.