క్యూసీ ల్యాబ్‌లో కోపం: ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: సార్, నాది గాజువాక. ఎం.ఫార్మసీ చేసి, పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను. ఒకరోజు మధ్యాహ్నం షిఫ్ట్ మారేటప్పుడు మా సీనియర్ అందరి ముందూ “ఇంకా రిజల్ట్ ఇవ్వలేదా? ప్రొడక్షన్ వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు” అని అరిచారు. “హెచ్‌పీఎల్‌సీ మెషీన్ ఖాళీ లేకపోతే నన్నేం చేయమంటారు?” అని నేనూ గట్టిగా అనేశాను. రివ్యూలో “పని బాగుంది, ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పెంచుకోవాలి” అని రాశారు. అదేమిటి, ఎలా నేర్చుకోవాలి?

జవాబు: పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే సైకాలజిస్టులు 1990లో దీని మీద వ్యాసం రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో ఆఫీసుల దాకా వచ్చింది. ఉద్యోగాల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో నాలుగు భాగాలుంటాయి: మన మనసులో ఏం జరుగుతోందో గమనించడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారి స్థితి గ్రహించడం, ఆ మూడూ కలిసొచ్చేలా మాట్లాడి సంబంధం నిలుపుకోవడం. చాలామంది మొదటిది వదిలేసి నేరుగా రెండోదానికి దిగుతారు. చిక్కంతా అక్కడే.

ఆ రోజు మీకు కోపం వచ్చింది, సరే. దాని కింద ఏముంది? అందరి ముందూ తల కొట్టేసినట్టయిందా? తప్పు మీది కాకపోయినా అన్నారన్న బాధా? ఉద్యోగం కన్ఫర్మ్ కాదేమోనన్న భయమా? ఒక్కోదానికి మందు వేరు. సిగ్గయితే తర్వాత విడిగా మాట్లాడుకోవాలి. అన్యాయం అనిపిస్తే ఇన్‌స్ట్రుమెంట్ లాగ్‌బుక్ చూపిస్తే సరిపోతుంది. భయమైతే కన్ఫర్మేషన్ గురించే అడగాలి. ఇంటికెళ్లే బస్సులో రోజూ నాలుగు ముక్కలు రాసుకోండి: ఎవరు ఏమన్నారు, ఒంట్లో ఏమైంది, ఏమనిపించింది, ఏం చేయబుద్ధయింది. “నన్ను అవమానించాడు” అని మాత్రం రాయకండి, అది మీ తీర్పు. ఆయన నోటి వెంట వచ్చిన మాటలే రాయండి. ల్యాబ్‌లో రా డేటాను, రిజల్టును విడిగా ఉంచుతారుగా, అలాగే.

ఇక అదుపు. మొహం మామూలుగా పెట్టుకుని లోపల కుతకుతలాడడం అదుపు కాదు. సైకాలజిస్ట్ జేమ్స్ గ్రాస్ బృందం ప్రయోగాల్లో తేలిందేమిటంటే, భావాన్ని పైకి కనపడకుండా నొక్కిపెట్టినంత మాత్రాన లోపలి బాధ తగ్గదు. పైగా ఆ సమయంలో విన్నవి సరిగ్గా గుర్తుండవు. షిఫ్ట్ అప్పగించే వేళ అది ఎంత ప్రమాదమో మీకు తెలుసు. అందుకని కాస్త సమయం సంపాదించండి: “ఒక్క నిమిషం సార్, లాగ్‌బుక్ చూసి చెప్తాను.” ఈ వాక్యం ముందే నోటికి అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే వేడిలో కొత్త వాక్యం దొరకదు.

మూడోదానికి కావలసింది ఆయన అరుపులోనే ఉంది. ప్రొడక్షన్ వాళ్లు ఆయన మీద పడుతున్నారు. మీ రిజల్ట్ వచ్చేదాకా వాళ్ల బ్యాచ్ ముందుకు కదలకపోవచ్చు. ఆయనకు కావలసింది కారణం కాదు, టైము. మీరు కారణం చెప్పారు. అయితే ఇది ఊహే కాబట్టి, “ఎన్నింటికల్లా కావాలి సార్?” అని అడిగి తేల్చుకోండి.

అప్పుడు నాలుగోది పెద్ద కష్టం కాదు. “ఇప్పుడు మెషీన్ మీద వేరే శాంపిళ్ల సీక్వెన్స్ నడుస్తోంది సార్. నాలుగింటికి ఖాళీ అవుతుంది, ఆరింటికి రిజల్ట్ ఇస్తాం. అంతకంటే ముందే కావాలంటే ఏది ఆపాలో మీరు చెప్పండి.” నిజం మీరు చెప్పారు, నిర్ణయం ఆయన చేతిలో పెట్టారు. ఇంతకంటే మంచిది, ఆలస్యం అవుతుందని తెలియగానే ఆయన అడక్కముందే చెప్పడం. ఆ రోజు గొంతు పెంచినందుకు మాత్రమే సారీ చెప్పండి, విషయానికి కాదు. అదే మాటలో “నా పొరపాటు ఉంటే పక్కకు పిలిచి చెప్పండి సార్” అని కూడా అనండి. పని కాస్త తేలికగా ఉన్న వేళ చూసి అనండి.

దీనికో హద్దుంది. “టెస్ట్ తర్వాత చూద్దాం, రిజల్ట్ వేసెయ్” అనో, పాత తేదీ వేసి సంతకం పెట్టమనో అంటే, అక్కడ సర్దుకుపోవడం తెలివి కాదు. మర్యాదగా కాదని, నాణ్యత నియమాలు చూసే క్యూఏ విభాగానికి చెప్పండి. రోజూ బూతులు తిట్టేవాడి నోరు బాగుచేసే బాధ్యత కూడా మీది కాదు, అది హెచ్‌ఆర్ చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో దొరికే స్కోర్ క్విజ్‌లను పెద్దగా నమ్మకండి. తనను తాను గమనించుకోనివాడే అక్కడ తనకు ఎక్కువ మార్కులు వేసుకుంటాడు. దానికి బదులు రివ్యూ రాసినాయన్నే కలిసి, ఏ సందర్భాలు చూసి అలా రాశారో రెండు చెప్పమనండి. ఆయన చెప్పే రెండోది బహుశా మీకు గుర్తు కూడా ఉండదు. నోట్‌బుక్‌లో మొదటి పేజీ దానితో మొదలుపెట్టండి.