ఆరో గణం దగ్గర ఆగి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పద్యం అందింది. వాన మీద చంపకమాల మొదలుపెట్టి, ఒక పాదం దగ్గర ఆగిపోయి, కందంలోకి మారానని రాశావు. మారడం మంచిదే అయింది. ఎందుకో చెబుతాను.

నీ చంపకమాల పాదం ఇది:

కురిసెను వాన రాతిరిని గుప్పున వాసన లేచె మట్టిలో

ఇందులో తప్పు లేదు. న జ భ జ జ జ ర గణాలు, ఇరవై ఒక్క అక్షరాలు సరిపోయాయి. పదకొండో అక్షరం 'గు'కి మొదటి 'కు'తో యతి కుదిరింది. పాదం బాగుంది కూడా. కానీ చెప్పదలచుకున్నది సగం ఇక్కడే అయిపోయింది. ఇంకా అరవై మూడు అక్షరాలు మిగిలాయి. వాటిలో నువ్వు మబ్బుల్నీ మెరుపుల్నీ కప్పల్నీ తెచ్చి కూరుస్తావు. ఒక దృశ్యం కదులుతూ పోతుంటే చంపకమాల. రాత్రి వాన పడింది, నా మనసు ఊరికెళ్ళింది అనే చిన్న మాటకు కందం చాలు.

ఇక నీ కందం:

వానలు కురిసెను రాతిరి
మానులు తడిసెను నీటను మౌనముతోడన్
పనులకు వెడలక యుంటిని
తా నడచెను మనసు చెఱువు గట్టుల వెంటన్

నాలుగేసి మాత్రల గణాలు, మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో ఐదు లెక్కగా వేశావు. గగ, భ, జ, స, నల తప్ప వేరేవి రాలేదు. కానీ కందంలో రెండు పాదాల్నీ కలిపి ఎనిమిది గణాల ఒకే వాక్యంలా చదవాలి. బేసి గణాల్లో జగణం, అంటే లఘువు, గురువు, లఘువు, రాకూడదు. ఎనిమిదోది గురువుతో ముగియాలి. నీ 'తోడన్', 'వెంటన్' అలాగే ముగిశాయి. ఆరోది జగణమో నలమో అయితీరాలి. చాలామంది జారేది ఇక్కడే. ఎందుకంటే మాత్రలు సరిపోతే చెవి ఊరుకుంటుంది.

నీ ఆరో గణం ఎక్కడుందో చూడు. మొదటి పాదంలో మూడు పోగా, రెండో పాదంలో మూడోది: 'నీటను'. గురువు, లఘువు, లఘువు. అంటే భగణం. తప్పింది. దీన్ని దిద్దడానికి మాటల స్థానం మారిస్తే చాలు: 'మానులు నీటను తడిసెను'. ఇప్పుడు ఆరోది 'తడిసెను', నాలుగు లఘువులు, నలం. అయినా నాకు తృప్తి లేదు. పైపాదంలో వాన కురిశాక చెట్లు నీట తడిశాయని చెప్పడం గణం కోసం పోసిన నీళ్ళే. 'మానులు తలలూచి నిలిచె' అన్నాననుకో, 'చి నిలిచె' నలమవుతుంది. 'నిల్చె' అంటే 'చి నిల్చె' జగణమవుతుంది. రెండూ ఒప్పే. చెట్టు కూడా కనిపిస్తుంది.

మూడో పాదం గణాలు బాగున్నాయి, ప్రాస 'న' కూడా ఉంది. కానీ ప్రాస అంటే రెండో అక్షరం ఒక్కటే కలవడం కాదు. దాని ముందున్న అక్షరం గురువైతే నాలుగు పాదాల్లోనూ గురువే కావాలి. వా, మా, తా మధ్య నీ 'ప' లఘువు. 'నే నిలు కదలక యుంటిని' అని మార్చి చూశాను.

చివరి పాదంలో యతి. కందానికి రెండు, నాలుగు పాదాల్లోనే యతి. ఆ పాదంలో నాలుగో గణం మొదటి అక్షరమే యతిస్థానం. రెండో పాదంలో మా–మౌ కుదిరింది. ఇక్కడ 'తా'కి 'గ' కలవదు. 'తీరము' అని సర్దుదామని నీకు అనిపించవచ్చు. హల్లు కలిసినా అచ్చు కలవదు. ఆకారానికి అ, ఆ, ఐ, ఔలే జోడు. త, థ, ద, ధలు ఒకదానికొకటి పడతాయి కాబట్టి 'దారుల' అన్నాను. గట్టు పోయిందని నాకూ బాధగానే ఉంది, కానీ పాదం మొదట్లో 'తా' తీసేస్తే ప్రాస కదిలిపోతుంది. అందుకే యతిస్థానంలోని మాటనే ముందు వెతుక్కో.

వానలు కురిసెను రాతిరి
మానులు తలలూచి నిలిచె మౌనముతోడన్
నే నిలు కదలక యుంటిని
తా నడచెను మనసు చెఱువు దారుల వెంటన్

దీన్ని నువ్వే ఒకసారి గురులఘువులు గుర్తించి విడదీయి. 'యుంటి'లో సున్న ముందున్న అక్షరాన్నీ, 'వెం'నీ గురువులుగా లెక్కపెట్టావో లేదో చూసుకో. నాకు ఒక్కటి మాత్రం ఇంకా నచ్చలేదు: 'ఇలు' పాతగా వినబడుతోంది. గురువుతో మొదలై, రెండో అక్షరం 'న' గుణింతంలో ఉండే మాట ఇంకేదైనా తడితే ఆ పాదం మార్చి పంపు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు